“నాలుగు మాటలు చెప్పండమ్మా”: స్టాఫ్ మీటింగ్‌లో నా మొదటి పరిచయం, రెండో పరిచయం

డిగ్రీ కాలేజీలో చేరిన మూడో రోజే స్టాఫ్ మీటింగ్ పెట్టారు. సెమినార్ హాల్లో పరీక్ష జరుగుతోందని మీటింగ్‌ని ఫిజిక్స్ ల్యాబ్‌కి మార్చారు. ముప్పై మందికి పైగా ఎత్తు స్టూళ్ల మీద సర్దుకుని కూర్చున్నాం. ప్రిన్సిపాల్ గారు అజెండా కాగితం మీద నుంచి తలెత్తి, “కొత్తగా వచ్చిన స్టాటిస్టిక్స్ మేడం ముందుగా తమ పరిచయం చేసుకుంటారు. నాలుగు మాటలు చెప్పండమ్మా” అన్నారు.

నేను లేచి నిలబడి, “వేదికను అలంకరించిన పెద్దలందరికీ” అని మొదలుపెట్టాను. వేదికంటూ ఏదీ లేదు. ప్రిన్సిపాల్ గారు కూడా మాలాగే స్టూలు మీదే ఉన్నారు, వెనక సింకు, పక్కన గ్యాస్ స్టవ్. ఎవరో ముసిముసిగా నవ్వారు. అక్కడితో నా టెన్షన్ రెట్టింపైంది.

ఆ రోజు ఎంతసేపు మాట్లాడానో గానీ చాలాసేపే మాట్లాడాను. ఏ ఊళ్లో పుట్టానో, ఎక్కడ చదివానో, పీహెచ్‌డీ టైటిల్ ఇంగ్లీషులో మొత్తం, వచ్చిన మార్కులు, పేపర్లు అన్నీ చెప్పాను. అవి ఎవరికీ గుర్తులేవు. గుర్తున్నవల్లా నేను చేసిన మూడు తప్పులు. వాటి వల్లే ఈ వ్యాసం రాయాలనిపించింది.

మొదటి తప్పు. మాట్లాడుతుండగా తెలుగు సార్ సరదాగా, “సాంఖ్యక శాస్త్రం అంటే కపిల మహర్షిగారి సాంఖ్యమేనా అమ్మా?” అన్నారు. అందరూ నవ్వారు. నిజానికి ఆయన నాకు చక్కటి అవకాశం ఇచ్చారు. నా సబ్జెక్టు ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పమని అడిగినట్టే. నేను కంగారులో, “అబ్బే, మ్యాథ్స్ లాంటిదే సార్” అనేశాను. ఆ మాట మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్ వాళ్లు విన్నారు, టైంటేబుల్ కమిటీ కన్వీనర్ విన్నారు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల బోధన ఉండాలి. ఆ కాలేజీలో స్టాటిస్టిక్స్ ఉన్న గ్రూపు ఒక్కటే, పిల్లలు తక్కువ, అందులో నాకు అన్ని గంటలు రావు. మిగిలిన గంటలు ఎలా నింపాలన్న ప్రశ్న ఎటూ వచ్చేదే. జవాబు నేనే చేతికిచ్చాను. మరుసటి సోమవారం టైంటేబుల్లో నా పేరు ఎదుట ఫస్టియర్ డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ ఉంది. అభ్యంతరం చెప్పబోతే, “మీరే కదమ్మా మ్యాథ్స్ లాంటిదే అన్నారు” అన్నారు. ఆ మాటకు ఏం చెప్తాం?

రెండో తప్పు ఇంకా చిన్నది, దాని ఫలితం మాత్రం ఇంకా పెద్దది. చివర్లో వినయంగా ఉంటుందనుకుని, “నాకు కంప్యూటర్ కూడా కొంచెం వచ్చు, ఏ పనైనా చెప్పండి, చేస్తాను” అన్నాను. కాలేజీలో స్టాఫ్ మీటింగ్ అంటే మాటలు చెప్పుకునే చోటు మాత్రమే కాదు, పనులు పంచే చోటు కూడా. అక్కడ మన నోట్లోంచి వచ్చే ప్రతి క్రియాపదాన్నీ ఎవరో ఒకరు తమ ఖాళీలో రాసుకుంటారు. రెండేళ్లు స్కాలర్‌షిప్ దరఖాస్తుల ఎంట్రీ, న్యాక్ ఫైళ్ల టైపింగు, ఆఖరికి ప్రిన్సిపాల్ గారి ప్రింటర్ రిపేరు కూడా నాదే. ఆ పనులు ఎవరో ఒకరు చేయాల్సినవే, వాటిని తక్కువ చేయడం లేదు. కానీ కాలేజీలో నా పేరు “కంప్యూటర్ మేడం” అయింది. అసలు కంప్యూటర్స్ లెక్చరర్ వేరే ఉన్నారు. ఆయనకు నేనంటే చిన్న చిరాకు కూడా మొదలైంది. అది న్యాయమే.

మూడో తప్పు గురించి చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. నా సబ్జెక్టు ఎంత పనికొస్తుందో అప్పటికప్పుడు చూపించాలనుకున్నాను. ల్యాబ్‌కి వచ్చే దారిలో నోటీసు బోర్డు మీద గ్రూపులవారీగా ఉత్తీర్ణత శాతాలు చూశాను. స్పెషల్ తెలుగు 100 శాతం, రాసినవాళ్లు నలుగురు. కామర్స్ 77.5 శాతం, రాసినవాళ్లు 80 మంది, పాసైనవాళ్లు 62. ఆ బోర్డునే ఉదాహరణగా తీసుకున్నాను. “నలుగురిలో ఒక్కరికి పరీక్షనాడు జ్వరం వస్తే 100 కాస్తా 75కి పడిపోతుంది. ఎనభై మందిలో ఒక్కరు తప్పితే తగ్గేది ఒకటింపావు శాతమే. కాబట్టి ఈ 100ని, ఆ 77.5ని పక్కపక్కన పెట్టి పోల్చడంలో అర్థం లేదు” అన్నాను.

లెక్క తప్పు కాదు. ఇవాళ్టికీ క్లాసులో ఇదే చెప్తాను. తక్కువమంది ఉన్నచోట శాతం ఊగిసలాడుతుంది, ఎక్కువమంది ఉన్నచోట కాస్త నిలకడగా ఉంటుంది, అందుకే అట్టడుగునా, అగ్రస్థానంలోనా తరచు చిన్న గ్రూపులే కనబడతాయి. కానీ నేను ఆ మాట అన్న చోటు ఎలాంటిది? ఆ నలుగురు పిల్లల్నీ ఊళ్లు తిరిగి, తల్లిదండ్రుల్ని బతిమాలి గ్రూపులో చేర్పించినది నన్ను సరదాగా పలకరించిన ఆ తెలుగు సారే. గ్రూపు ఎత్తేస్తారేమోనని ప్రతి ఏడాదీ ఆయనకు గుబులు. ఆయనకున్న ఒకే ఒక రుజువు ఆ 100. నేను వచ్చిన మూడో రోజున, ముప్పై మంది ముందు, దానికి అర్థం లేదన్నాను. ఆయన ఏమీ అనలేదు. కామర్స్ వాళ్లు మాత్రం చప్పట్లు కొట్టారు, అదింకా ఘోరం. ఎందుకంటే అంతకుముందు నుంచే ఉన్న ఒక తగాదాలో నాకు తెలియకుండానే ఒక పక్షం చేరిపోయాను.

ఇదంతా విన్నవాళ్లు చాలామంది ఒకే సలహా ఇస్తారు. “మొదటిరోజు నోరు మూసుకోవాలి. పేరు, సబ్జెక్టు చెప్పి, పెద్దల ఆశీస్సులు కావాలని దండం పెట్టి కూర్చోవాలి. కొత్త కోడలు గుమ్మం దగ్గరే ఆరిందాతనం చూపిస్తే ఎలా?” అని. ఈ సలహాతో నాకు పేచీ ఉంది. కొత్త కోడలు ఏమీ మాట్లాడకపోతే ఆమెకు ఏం ఇష్టమో అత్తగారింట్లో అందరూ ఊహించేస్తారు, తర్వాత ఆ ఊహే నిజమై కూర్చుంటుంది. సబ్జెక్టూ అంతే. స్టాటిస్టిక్స్ ఏమిటో నేను చెప్పకపోతే, ఊరుకుంటారా? మ్యాథ్స్‌లో ఒక ముక్క అని ఒకరు, జనాభా లెక్కలని ఇంకొకరు, ఎక్సెల్ అని మరొకరు అనుకుంటారు. ఒకసారి అనుకున్నాక మార్చడానికి ఏళ్లు పడుతుంది. పెద్దలపట్ల గౌరవం అంటే మన సబ్జెక్టు గురించి గొణగడం కాదు. అవతలివాళ్ల సమయం వృథా చేయకుండా, మనల్ని ఏ పనికి పిలవచ్చో, ఏ పనికి పిలవకూడదో తేటగా చెప్పడం కూడా గౌరవమే. ఆ మాటకొస్తే ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన వాళ్లకు పొగడ్త కన్నా అదే నచ్చుతుంది. “మహా వృక్షం నీడలో చిన్న మొక్కను” లాంటి వాక్యాలు వాళ్లు ప్రతి ఏడాదీ వింటూనే ఉన్నారు.

ఇంతకీ పెద్దలంటే ఎవరు? ఇది తేలిక ప్రశ్నలా కనిపిస్తుంది. హాజరు రిజిస్టరులో రెగ్యులర్ వాళ్ల పేర్లు ముందు, తర్వాత కాంట్రాక్ట్ వాళ్లు, చివర్న గెస్ట్ ఫ్యాకల్టీ. నిన్నగాక మొన్న చేరిన నా పేరు, అదే కాలేజీలో పదిహేనేళ్లుగా పాఠాలు చెప్తున్న కాంట్రాక్ట్ లెక్చరర్ పేరుకు పైన ఉంది. రిజిస్టరు ప్రకారం ఆయన నాకన్నా జూనియర్. ఆ కాలేజీలో ఏ పిల్లలు ఏ ఊరి బస్సుకు వస్తారో, ఏ గదిలో ఫ్యాను తిరగదో, పాత ప్రాక్టికల్ రికార్డులు ఏ బీరువాలో ఉన్నాయో ఆయనకు తెలుసు. నా మొదటి ప్రసంగంలో “ప్రిన్సిపాల్ గారికి, వైస్ ప్రిన్సిపాల్ గారికి, హెచ్‌వోడీలకు” అని వరసగా చెప్పి, “ఇతర సిబ్బందికి” అన్నాను. ఆ “ఇతర”లో ఆయన ఉన్నారు, ఆఫీసు సూపరింటెండెంట్ గారు ఉన్నారు, ల్యాబ్ అటెండరూ ఉన్నాడు. వరస చెప్పడం మొదలుపెడితే ఇదే చిక్కు. ఎవరో ఒకరు తప్పిపోతారు, లేదా “ఇతర” అయిపోతారు. అందుకే ఇప్పుడు నేను ప్రిన్సిపాల్ గారిని మాత్రం విడిగా సంబోధించి, మిగిలిన అందరినీ కలిపి, “ఈ కాలేజీలో నాకన్నా ముందు నుంచి పనిచేస్తున్న మీ అందరికీ” అంటాను. ఆ మాటలో రెగ్యులర్, కాంట్రాక్ట్, గెస్ట్ తేడా ఉండదు. పైగా అది నూటికి నూరుపాళ్లు నిజం. (ఈ నూటికి ఎంతమంది అని అడగకండి.)

కొన్నేళ్ల తర్వాత బదిలీ మీద రెండో కాలేజీకి వెళ్లాను. ఈసారి మీటింగ్‌కి ముందు రోజు రెండు పనులు చేశాను. మొదట మ్యాథ్స్ హెచ్‌వోడీ గారి గదికి వెళ్లి కలిశాను. మా ఇద్దరి డిపార్ట్‌మెంట్ల మధ్య గంటల పంపకం ఉంటుంది కాబట్టి, నేను మీటింగ్‌లో చెప్పబోయేది ఆయన ముందుగా వినడం మర్యాద. “సార్, నేను లీనియర్ ఆల్జీబ్రా చెప్పగలను, అవసరమైతే తప్పకుండా తీసుకుంటాను. కానీ మీటింగ్‌లో మాత్రం స్టాటిస్టిక్స్ వేరే సబ్జెక్టనే చెప్తాను, మీరు మరోలా అనుకోవద్దు” అన్నాను. ఆయన నవ్వి, “సీ.ఆర్. రావు గారు కూడా మా ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్సే కదమ్మా చదివింది” అన్నారు. నిజమే. స్టాటిస్టిక్స్‌లో ప్రపంచమంతా పేరున్న రావు గారు విశాఖలో లెక్కల్లో ఎంఏ చేసి, ఆ తర్వాత కలకత్తా వెళ్లి స్టాటిస్టిక్స్‌లో ఇంకో ఎంఏ చేశారు. “అదే సార్ నేను చెప్పేదీ, రెండూ ఒకటే అయితే ఆయన రెండో ఎంఏ ఎందుకు చేస్తారు?” అన్నాను. ఈ సంభాషణ గదిలో జరిగింది కాబట్టి సరదాగా సాగింది. ఇదే మీటింగ్‌లో జరిగుంటే వాదన అయ్యేది.

రెండోది, నాకు ముందు అక్కడ స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైన మేడం గురించి గెస్ట్ ఫ్యాకల్టీ అమ్మాయిని అడిగాను. ఆ మేడం ప్రాక్టికల్స్‌కి పుస్తకంలో లెక్కలు ఇవ్వకుండా, పిల్లల చేత ఊళ్లో సంతకు వెళ్లి కూరగాయల ధరలు రాయించి, వాటితోనే సూచీలు కట్టించేవారట. ఆ రికార్డులు ఇంకా ఉన్నాయి. ఒక రికార్డు తెరిచి చూశాను కూడా. వంకాయ, బెండకాయ ధరలు వారం వారం వరసగా ఉన్నాయి.

మర్నాడు నేను చెప్పినది దాదాపు ఇదీ:

“ప్రిన్సిపాల్ గారికి, ఈ కాలేజీలో నాకన్నా ముందు నుంచి పనిచేస్తున్న మీ అందరికీ నమస్కారం. స్టాటిస్టిక్స్ లెక్చరర్‌గా సోమవారం చేరాను. ఇంతకుముందు ఏడేళ్లు ఇంకో ప్రభుత్వ కాలేజీలో చెప్పాను. మా సబ్జెక్టు ఏం చేస్తుందో ఒక్కమాటలో చెప్పాలంటే, అన్నం ఉడికిందో లేదో తెలియడానికి మెతుకులన్నీ నలిపి చూడం, ఒకటి రెండు పట్టి చూస్తాం. ఎన్ని పట్టి చూడాలి, గిన్నెలో ఎక్కడెక్కడి నుంచి తీయాలి, అలా చూసి చెప్పిన మాట ఎంతవరకు నమ్మచ్చు, ఈ మూడూ తేల్చడం మా పని. నా పీహెచ్‌డీ కూడా అందులోనే, అన్ని బల్బులూ వెలిగించి చూడకుండా సరుకు తీసుకోవచ్చో లేదో చెప్పడం మీద. నాకు ముందు ఇక్కడ చెప్పిన మేడం పిల్లల చేత సంత ధరలు రాయించిన రికార్డులు చూశాను. ఆ పద్ధతినే కొనసాగిస్తాను. ఏ డిపార్ట్‌మెంట్ వాళ్లయినా పిల్లల ప్రాజెక్టుకు సర్వే చేయిస్తుంటే, ప్రశ్నావళి ప్రింటుకు ఇచ్చేముందు నాకు ఒకసారి చూపిస్తే సాయం చేయగలను. గురువారం మధ్యాహ్నం నాకు క్లాసు లేదు. నమస్కారం.”

నిమిషంన్నర పట్టి ఉంటుంది. ఇందులో ఏమేం లేవో చూడండి. ఊరు లేదు, ఇంటిపేరు లేదు. మన స్టాఫ్ రూముల్లో “ఏ ఊరమ్మా, ఇంటిపేరేమిటి” అన్న ప్రశ్న వెనక చాలాసార్లు కులం ఆరా ఉంటుందని అందరికీ తెలుసు, అందరం తెలియనట్టు ఉంటాం. అడిగినప్పుడు ఎలాగూ చెప్తాం. నేనే ముందుగా అందరి ముందూ పరచాల్సిన అవసరం కనిపించలేదు. మార్కులు లేవు, ఎందుకంటే ఉద్యోగమిచ్చినవాళ్లు అవి చూసే ఇచ్చారు. థీసిస్ టైటిల్ లేదు, థీసిస్‌లో చేసిన పని మాత్రం ఉంది. “ఏ పనైనా చేస్తాను” లేదు. దాని బదులు ఒక పని, దానికొక సమయం ఉన్నాయి. “ప్రింటుకు ఇచ్చేముందు” అన్న మాట కావాలనే పెట్టాను. సర్వే అంతా అయ్యాక, రెండొందల ఫారాలు పట్టుకొచ్చి “ఏదైనా లెక్క కట్టిపెట్టండి మేడం” అంటారు. అప్పటికి ప్రశ్నే తప్పుగా ఉంటే చేయగలిగింది ఏమీ ఉండదు.

మెతుకు ఉదాహరణ కొత్తదేమీ కాదు, మన ఇళ్లలో సామెతే. కానీ అది కాలేజీ బోర్డు మీది అంకె కాదు. దాని వల్ల ఎవరి పరువూ పోదు. మొదటి పరిచయంలో ఉదాహరణను ఆ గదిలోని ఎవరి పనిలోంచీ తీయకూడదని నేను చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్నాను. పాస్ శాతాల గురించి మాట్లాడాల్సిన రోజు వస్తుంది. ఆ రెండో కాలేజీలో ఏడాది తర్వాత వచ్చింది, అప్పటికి వాళ్లు నన్ను అడిగారు కాబట్టి చెప్పాను. మొదటి కాలేజీలో తెలుగు సార్‌కి క్షమాపణ కూడా చెప్పాను, చాలా ఆలస్యంగా, ఆయన రిటైర్మెంట్ సభ రోజున. “లెక్క నిజమే కదమ్మా” అని మాత్రం అన్నారు. ఆ మాటలో మన్నింపు ఎంతుందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంకో సంగతి. పరిచయం అజెండాలో మొదట వస్తుందని నమ్మకం లేదు. చాలాచోట్ల అది చివర్న, “అధ్యక్షుల అనుమతితో ఇతర అంశాలు” దగ్గరికి జారిపోతుంది. అప్పటికి సగం మంది బ్యాగులు సర్దుకుని, గడియారం వైపు చూస్తుంటారు. బస్సు తప్పితే మళ్లీ గంట. అలాంటప్పుడు నిమిషంన్నర కూడా ఎక్కువే. నేనైతే మూడు వాక్యాలే ఉంచుతాను: నమస్కారం, మెతుకు, గురువారం. మిగిలినదంతా స్టాఫ్ రూములో టీ దగ్గర ఒక్కొక్కరికీ చెప్పుకోవచ్చు.

రెండో కాలేజీలో ఆ రోజు మీటింగ్ అయ్యాక కామర్స్ సార్ ఒకాయన నా దగ్గరికి వచ్చారు. చేతిలో విద్యార్థుల ఫీడ్‌బ్యాక్ ఫారాల కట్టలు, తాడుతో కట్టినవి. “మేడం, ఇవి దాదాపు ఆరొందలు. రాసిన అభిప్రాయాలన్నీ చదవాలంటే నా వల్ల కాదు. మీరన్నట్టు పై కట్టలోంచి ఒక యాభై చదివితే చాలదా?” అన్నారు.

“కట్టలు ఎలా కట్టారు సార్?”

“క్లాసులవారీగా. పైనున్నది ఫైనలియర్ బీకాం.”

“అయితే పై కట్టలో యాభై చదివితే ఫైనలియర్ బీకాం పిల్లల మాటే తెలుస్తుంది సార్. మెతుకు కథ గిన్నె అంతా ఒకేలా ఉడికినప్పుడే. పెళ్లిళ్లలో పెద్ద గుండిగ చూశారుగా, కట్టెల పొయ్యి మీద అడుగున మాడుతుంది, పైన పలుకు మిగులుతుంది. ప్రతి కట్టలోంచీ కొన్ని తీయండి. పెద్ద క్లాసు కట్టలోంచి ఎక్కువ, చిన్న క్లాసు కట్టలోంచి తక్కువ. తీసేటప్పుడు చేతిరాత బాగున్నవి ఏరుకోకండి, పన్నెండింటికి ఒకటి చొప్పున వరసగా లెక్కపెట్టి తీయండి. మొత్తం యాభై అవుతాయి.”

ఆయన కట్టలు అటూ ఇటూ తిప్పి చూశారు. “అంటే గుండిగ అడుగుదాకా గరిటె పెట్టాలంటారు” అని, తాడు విప్పడం మొదలుపెట్టి, గడియారం చూసుకుని మళ్లీ ముడేశారు. “గురువారం తెస్తానమ్మా, బస్సు టైమైంది.”